అప్‌డేట్: నాన్నగారి చందాల రద్దు

నా ప్రశ్న: "నాన్నగారు పోయాక కూడా ఆయన కార్డు నుంచి చందాల డబ్బు పోతూనే ఉంది. ఎలా ఆపాలి, ఏ పత్రాలు అడుగుతారు?"

ఆయన కార్డు స్టేట్‌మెంట్లను ఏడాది వెనక్కి పరిశీలించడం వల్ల, ఏడాదికొకసారి మాత్రమే చెల్లించే క్లౌడ్ స్టోరేజీ చందా కూడా బయటపడింది. అందులోని ఫొటోలను ముందు దించుకుని, తర్వాతే రద్దు కోరాను. దాదాపు అన్ని సంస్థలూ మరణ ధ్రువీకరణ పత్రం, నా గుర్తింపు కార్డు, ఆయనతో నా బంధుత్వాన్ని చూపే పత్రం, ఖాతాకు నమోదైన ఈమెయిల్ అడిగాయి. ఒక సంస్థ మాత్రం, ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఖాతాలో పొడి అక్షరమే ఉందని దరఖాస్తును తిప్పి పంపింది. ఆ చందా చెల్లింపు కనిపించే స్టేట్‌మెంటు పేజీని, మిగతా లావాదేవీలు కప్పివేసి జతచేశాక అంగీకరించింది. నిర్ధారణ సందేశాలన్నీ ఆయన ఈమెయిల్‌కే వచ్చాయి కాబట్టి, దాన్ని చివరి వరకు మూయకపోవడమే మేలయింది.