పైపు బొమ్మ లెక్క: నాకు 90.6 వచ్చింది, కీలో −10.8 ఉంది

డిప్లొమా_సెకండియర్
అసైన్‌మెంట్ బొమ్మను ఫ్రెండ్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. కుడి అంచు కట్ అయింది. కనిపించినంతవరకు: కింద లావు పైపు వ్యాసం 20 సెం.మీ., అందులో నీటి వేగం సెకనుకు 2 మీటర్లు, పీడనం 150 kPa. పైన సన్న పైపు 10 సెం.మీ., ఎత్తు తేడా 3 మీటర్లు. నష్టాలు వదిలేసి, పైన వేగం, పీడనం కనుక్కోమన్నారు. నేను చేసింది:

```
v2 = 2 × (20/10)² = 8 m/s
p2 = 150 + 0.5×(2² − 8²) − 9.81×3
   = 150 − 30 − 29.4 = 90.6 kPa
```

వేగం కీతో కలిసింది. పీడనం మాత్రం అందులో −10.8 kPa అని ఉంది. నీటికి మైనస్ పీడనం ఏంటి?

గోదారి కుర్రాడు
కీ తప్పు బ్రో, నీ స్టెప్పులు కరెక్టే. కాకపోతే ఆ 20, 10 వ్యాసాలా, వ్యాసార్ధాలా అన్నది జూమ్ చేసి చూడు. వ్యాసార్ధాలైతే ఆన్సర్ మొత్తం మారిపోతుంది.

లెక్కల టీచరమ్మ
మారదు బాబూ. రెండూ వ్యాసార్ధాలే అయినా నిష్పత్తి 2 కాబట్టి వేగం 8 మీటర్లే, పీడనమూ అదే. ప్రవాహం ఎంత అని అడిగితేనే తేడా వస్తుంది: సెకనుకు 63 లీటర్లు కాస్తా 251 లీటర్లు అవుతుంది.

ఎత్తు విషయం కూడా చూశాను. 3 మీటర్లను పైపుల మధ్య గీతల నుంచి కాక అడుగు అంచుల నుంచి కొలిచి ఉంటే అసలు తేడా 2.95 మీటర్లు. దానివల్ల పీడనం అర kPa మారుతుందంతే. 90.6కూ, కీలోని −10.8కూ మధ్య తేడా సుమారు 101. ఈ అంకె ఎక్కడో చూసినట్టు లేదూ? అది వాతావరణ పీడనం. 150 పక్కన కట్ అయిన చోట "abs", అంటే పూర్తి శూన్యం నుంచి కొలిచిన పీడనం అని ఉండి, జవాబు గేజ్‌లో, అంటే బయటి గాలి పీడనం తీసేసి అడిగి ఉంటారు. అప్పుడు 90.57 − 101.33, అంటే దాదాపు −10.8. మైనస్ అంటే అక్కడి పీడనం బయటి గాలి కంటే తక్కువ అని. పైన చిన్న రంధ్రం పడితే నీళ్ళు బయటికి చిమ్మవు, గాలే లోపలికి పోతుంది.

మూడో అంతస్తు
నాదీ ఇదే ప్రాబ్లమ్ అండీ. మా మూడో అంతస్తు బాత్రూమ్‌లో షవర్ నీళ్ళు కారుతున్నట్టు వస్తాయి. పైపు ముప్పావు నుంచి అరంగుళానికి మారిస్తే ప్రెజర్ పెరుగుతుందని ప్లంబర్ అంటున్నాడు. మీ లెక్కలో సన్న పైపులో ప్రెజర్ తగ్గిందేంటి?

పంపు మేస్త్రి
మీది వేరే కథండీ. ఈ లెక్కలో 2 మీటర్ల వేగం ముందే ఇచ్చేశారు, పైపు సన్నబడ్డా అన్ని నీళ్ళూ దూరాల్సిందే. మీ ఇంట్లో ఎన్ని నీళ్ళు రావాలో పైపే నిర్ణయిస్తుంది. ట్యాంకు మీ నెత్తినే ఉంటుంది కాబట్టి, షవర్‌కు పైన రెండు మూడు మీటర్ల నీళ్ళే ఉంటాయి. పైపు ఇంకా సన్నం చేస్తే రాపిడి పెరిగి ఆ కాస్తా తగ్గుతుంది. మార్పించకండి. ముందు షవర్ జల్లెడ విప్పి చూడండి.

తమ్ముడూ, నీ బొమ్మలో లావు పైపును సన్న పైపుకు కలిపే రెడ్యూసర్ ఎక్కడుంది? అడుగునా, పైనా? పుస్తకం లెక్కకు అనవసరమే. కానీ 10 సెం.మీ. పైపులో 8 మీటర్ల వేగం అంటే సైట్‌లో ఎవరూ పెట్టరు, మేము మామూలుగా 1 నుంచి 3 లోపే ఉంచుతాం. రాపిడి గుణకం 0.02 వేసుకుంటే, ఆ వేగంలో మీటరుకు దాదాపు 6.4 kPa పోతుంది. రెడ్యూసర్ అడుగున ఉంటే నిలువు పైపు 3 మీటర్లకే 19 పోయి, పైన 71 మిగులుతుంది. చివర్లో ఉంటే నిలువంతా లావు పైపే కాబట్టి ఒక kPa కూడా పోదు.

గోదారి కుర్రాడు
నష్టాలు లేవన్నారు కదా అన్నా, ఎందుకు కలపడం? "abs" ఉందని కూడా ఊహే కదా.

లెక్కల టీచరమ్మ
ఊహే. కానీ సరిగ్గా 101 తేడా రావడానికి అంతకంటే నమ్మదగ్గ కారణం ఉంటే చెప్పు.

డిప్లొమా_సెకండియర్
ఫ్రెండ్ మళ్ళీ ఫోటో పంపాడు. 150 kPa తర్వాత "a" ఉంది మేడమ్, ఆపైన పేజీ మడత. బాణం గుర్తు కూడా కనిపించట్లేదు. నీళ్ళు పైనుంచి కిందికి వస్తుంటే ఆన్సర్ మారుతుందా?

పంపు మేస్త్రి
నష్టాలు లేకపోతే మారదు, వేగం వర్గంలోనే ఉంది కదా. నేను చెప్పిన 19 మాత్రం అటునుంచి ఇటు వస్తుంది: కింద 150 ఉండాలంటే పైన 71 కాదు, 110 దాకా కావాలి. పైగా సన్న పైపు నుంచి లావు పైపులోకి నీళ్ళు ఒక్కసారిగా విచ్చుకునే చోట అదనంగా పోతుంది. రెడ్యూసర్ వాలు ఎంతో తెలియకుండా అది ఎంతని చెప్పలేం.