‘సభ్యులు కాని వారి కుటుంబ సభ్యులు కాని’: ఈ నోటీసులో తప్పెక్కడ?

విజయ
మా సంఘం వార్షిక సమావేశానికి నోటీసు రాసే పని ఈసారి నా నెత్తిన పడింది. నాలుగు వాక్యాలే గానీ రెండు రోజులుగా టెన్షన్. పోయినసారి నోటీసులో తప్పులకి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి బోర్డు మీదే వదిలేశారు ఎవరో. పంపేముందు సంధులు, విరామచిహ్నాలు ఒకసారి చూసిపెట్టండి. చిత్తుప్రతి ఇది:

“సభ్యులకు విజ్ఞప్తి:-
మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశము 14వ తేదీ ఆదివారం సాయంత్రం 5 గం.లకు పున:ప్రారంభించిన సమావేశ మందిరంలో జరుగును ,కావున సభ్యులు కాని వారి కుటుంబ సభ్యులు కాని తప్పక హాజరు కాగలరని, మనవి. అత్యాధిక ప్రాధాన్యత గల అంశములు చర్చించబడును. రాలేనివారు ఎందుకు రాలేకపోతున్నారో ముందుగా తెలియచేయగలరు?
ఇట్లు, కార్యదర్శి.”

కిరణ్
సభ్యులు కానివాళ్ల కుటుంబ సభ్యుల్ని ఎందుకు పిలుస్తున్నారు? అసలు సభ్యుల సంగతేమిటి?

విజయ
అయ్యో, అలా కాదండీ. సభ్యులైనా రావచ్చు, వాళ్లింట్లోవాళ్లెవరైనా రావచ్చు అని.

కిరణ్
నాకు మటుకు అలా అర్థం కాలేదు. రెండుసార్లు చదివాను.

రవి
ముందు పెద్ద తప్పు చెప్తాను. ‘అత్యాధిక’ తప్పు. అతి, అధిక కలిస్తే ‘అత్యధిక’. దీర్ఘం ఎక్కడినుంచి వచ్చింది? ఇదే తప్పు ‘అత్యాధునిక’లోనూ చేస్తుంటారు, అది ‘అత్యధునిక’ అని ఉండాలి. ఇంకోటి, ఉత్తు మీద అచ్చు వస్తే సంధి తప్పనిసరి. మీరు పంపే ఏ ఉత్తరంలోనైనా ‘నోటీసు అందినవారు’ అని విడిగా రాస్తే వ్యాకరణదోషమే. ‘నోటీసందినవారు’ అనాలి.

సుబ్బారావు
రవిగారూ, సగం సరిగ్గా పట్టుకున్నారు. ‘అత్యధిక’ ఒప్పు. కానీ ‘అత్యాధునిక’ కూడా ఒప్పే. అక్కడ రెండో పదం ‘ఆధునిక’, మొదటి అక్షరమే దీర్ఘం. ‘అతి’లోని ఇకారం యకారంగా మారి పక్కకు తప్పుకుంటుందంతే, తర్వాతి అచ్చు పొట్టిదైతే పొట్టిగా, పొడుగుదైతే పొడుగ్గా ఉన్నది ఉన్నట్టే మిగులుతుంది. అందుకే అవసరం ‘అత్యవసరం’ అయితే ఆవశ్యకం ‘అత్యావశ్యకం’ అవుతుంది. అనుమానం వస్తే రెండో పదాన్ని విడిగా పలికి చూడండి, చాలు. ‘ఆధిక’ అని ఎవరూ అనరు కదా.

‘నోటీసందినవారు’ సంగతి. ఉత్వసంధి నిత్యమన్నది చిన్నయసూరి సూత్రం, కాదనను. కానీ సంస్కృతంలోనే ఒక పాత మాట ఉంది. ఒకే పదం లోపల, ధాతువుకీ ఉపసర్గకీ నడుమ, సమాసంలో సంధి తప్పదు, వాక్యంలో మాత్రం అది చెప్పేవాడి ఇష్టం అని. మన వచనమూ ఇప్పుడు అలాగే నడుస్తోంది. మాట ఆగినచోట విడిగా రాస్తాం, కలిసిపోయినచోట కలిపి రాస్తాం. ‘సభ్యులందరూ’ కలిసే పలుకుతాం, కలిపే రాస్తాం. ‘నోటీసు అందినవారు’లో నోటీసు తర్వాత చిన్న ఆగుడుంది. నోటీసు చదివేవాడు నిలబడి, చేతిలో సంచీతో చదువుతాడు. పదాన్ని విడదీసుకునే పని అతనికి ఎందుకు పెట్టాలి?

రవి
అంటే ‘కాగలరు అని’ కూడా విడిగా రాయొచ్చా?

సుబ్బారావు
అది వద్దు. ‘కాగలరు అని’ అంటూ ఆగి ఎవరూ పలకరు. ‘కాగలరని’ అనే అంటారు, ఆమె అలాగే రాశారు కూడా. తప్పల్లా ఆ తర్వాత పెట్టిన కామాది. ‘అని’ అన్నది ముందున్న మాటల్ని తర్వాతి మాటకు ముడివేస్తుంది. ముడి వేసినచోట కామాతో కోసేస్తే ఎలా? “హాజరు కాగలరని మనవి.” అంతే.

పద్మజ
మా ఇంటి ఆహ్వానపత్రికలో ఏం జరిగిందో చెప్పనా? ‘ఆశీర్వదింప గోరుచున్నాము’ అని మధ్యలో ఖాళీ వదిలి అచ్చువేశారు. చిన్నపిల్లవాడు చదివి “గోరు అంటే నెయిలే కదా?” అన్నాడు. ఇప్పటికీ ఇంట్లో నవ్వుకుంటాం. ఇదీ సంధి తప్పేనా, స్పేసు తప్పా?

సుబ్బారావు
స్పేసు తప్పమ్మా. ‘ఆశీర్వదింపన్’, ‘కోరు’ కలిసినప్పుడు ఆ నకారం ప్రభావంతో క కాస్తా గ అయింది. ఆ మార్పు జరగడమే రెండూ కలిసిపోయాయనడానికి గుర్తు. మార్పు చేసి మళ్లీ విడదీస్తే రెండో ముక్క అనాథ అవుతుంది. ‘ఆశీర్వదింపగోరుచున్నాము’ అని కలపాలి, లేదా హాయిగా ‘ఆశీర్వదించాలని కోరుతున్నాం’ అనాలి. విజయగారి ‘చర్చించబడును’లో ‘బడు’ కూడా ఇదే జాతి, ‘పడు’ నుంచి వచ్చింది. అది కలిపే రాశారు, బాగుంది. అయినా ‘చర్చిస్తాం’ అంటే పోయేదానికి అంత బరువు దేనికో.

విజయ
మరి ‘తెలియచేయగలరు’ని ‘తెలియజేయగలరు’ అనాలా?

సుబ్బారావు
లెక్క ప్రకారం ‘తెలియజేయు’. అదే నకారం, అదే కథ, చ కాస్తా జ అయింది. కానీ ‘తెలియచేయు’ ఎంతగా వాడుకలోకి వచ్చిందంటే నేను దాన్ని తప్పని దిద్దను. ఒకే నోటీసులో రెండూ రాయకండి, అంతే.

రవి
నేనైతే దిద్దుతాను.

కిరణ్
నా ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు.

సుబ్బారావు
వస్తున్నా బాబూ, అసలు చిక్కు అదే. ‘సభ్యులు కాని వారి కుటుంబ సభ్యులు కాని’. ఇందులో ‘కాని’ రెండుసార్లుంది. విజయగారు రెండుచోట్లా ‘ఇదో అదో’ అన్న అర్థంలో వాడారు. కానీ మొదటి ‘కాని’ పక్కనే ‘వారి’ కూర్చుంది. దాంతో చదివేవాడి కన్ను ‘సభ్యులు కానివారి’ అని ఒక్క ముక్కగా పట్టేసుకుంటుంది. ఇక వెనక్కి రాదు. కిరణ్‌కి జరిగింది అదే.

ఈ ఎంపిక చెప్పే మాటని ‘గాని’ అని రాయడం మేలు. ప్రథమావిభక్తి పదం మీద క వస్తే గ అవుతుంది, నీవు గాని నేను గాని అన్నట్టు. గసడదవాదేశమని బళ్లో చదివే ఉంటారు. పద్యాల్లో ‘వాడు గొట్టె’ దాకా పోయింది గానీ, ఇప్పటి వచనంలో ఆ సంధి ‘గాని’, ‘గదా’ లాంటి కొన్ని మాటల్లోనే బతికుంది. బతికున్నచోట మంచి పని చేస్తోంది. కాదు అన్న అర్థానికి ‘కాని’, ఎంపికకి ‘గాని’, అయితేనేం అన్న అర్థానికి ‘కానీ’. మూడిటికి మూడు రూపాలు.

రవి
పాత కావ్యాల్లో కాదు అన్న అర్థంలోనూ ‘గాని’ ఉంటుంది కదండీ. సంధి సూత్రానికి అర్థంతో పనిలేదు, ముందు ప్రథమ ఉంటే చాలు.

సుబ్బారావు
నిజమే. అందుకే ఇది సూత్రమని చెప్పను, ఈనాటి వాడుకలో ఏర్పడ్డ సౌకర్యం అంటాను. ‘కానీ’, ‘గానీ’ల దీర్ఘాల మీద కూడా అందరిదీ ఒక దారి కాదు. నేనే పైన ఒకచోట ‘గానీ’ అని రాశాను చూడండి.

పద్మజ
ఇంత గొడవ దేనికి, మధ్యలో కామా పెడితే సరిపోదా? ‘సభ్యులు కాని, వారి కుటుంబ సభ్యులు కాని’.

సుబ్బారావు
సగం తీరుతుంది. ‘వారి’ని విడదీస్తుంది గానీ, రెండో ‘కాని’ ఇంకా ‘కానీ’లా వినిపిస్తుంది. మొదట మాట సరిచేసి, తర్వాత కామా పెట్టాలి. ‘సభ్యులు గాని, వారి కుటుంబ సభ్యులు గాని’. తప్పుడు మాటకి కామా చికిత్స కాదు.

కామా అన్నాం కాబట్టి, “జరుగును ,కావున” దగ్గర రెండున్నాయి. ‘జరుగును’తో వాక్యం ముగిసింది, అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టి ‘కావున’తో కొత్త వాక్యం మొదలుపెట్టండి. ఇక కామా ముందు స్పేసు వదిలి, వెనక అంటించారు. అది తలకిందులు. అలా రాస్తే వరస చివర చోటు చాలనప్పుడు కామా తర్వాతి మాటతో పాటు కింది వరసకి జారి, దాని నెత్తిమీద కూర్చుంటుంది. ప్రింటు తీశాక చూసుకుంటే అసహ్యంగా ఉంటుంది.

విజయ
చివరి వాక్యంలో ప్రశ్నార్థకం పెట్టాను. కారణం అడుగుతున్నాం కదా, పెట్టకూడదా?

రవి
‘ఎందుకు’ ఉంటే ప్రశ్నే. ఉంచండి.

పద్మజ
నాకెందుకో చదివితే ప్రశ్నలా వినిపించట్లేదు.

సుబ్బారావు
పద్మజగారి చెవి సరిగ్గా ఉంది. ‘ఎందుకు రాలేకపోతున్నారు?’ అంటే ప్రశ్న. చివర ‘ఓ’ చేరి ‘రాలేకపోతున్నారో’ అయ్యాక అది ప్రశ్న కాదు, తెలియజేయవలసిన సంగతి. వాక్యం మొత్తం ఒక విన్నపం, ఫుల్‌స్టాప్‌తో ముగుస్తుంది. అక్కడ ప్రశ్నార్థకం పెడితే ‘తెలియజేయగలరా?’ అని దబాయించినట్టుంటుంది. అసలు ‘గలరు’కి శక్తి అన్న అర్థం కూడా ఉంది కాబట్టి ‘తెలియజేయండి’ అంటే ఇంకా హాయి.

కిరణ్
నేను టైపింగ్ వైపునుంచి ఒకటి చెప్తా. ‘పున:ప్రారంభించిన’లో పెట్టింది విసర్గ కాదు, కోలన్. చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. కానీ ఫోన్లో ఆ మాట మీద వేలు పెడితే ‘పున’ ఒక్కటే ఎంపికవుతుంది, వెతికినా దొరకదు. తెలుగు కీబోర్డులో ః వేరే ఉంటుంది. `U+0C03` అది, కోలన్ `U+003A`.

సుబ్బారావు
భేష్. విసర్గ అక్షరం, కోలన్ విరామచిహ్నం. ఒకదాని పని ఇంకోటి చేయదు. ‘విజ్ఞప్తి:-’లో కోలన్ సరైన చోటే ఉంది, వెనక గీత మాత్రం అనవసరం. ఇంకోమాట, ప ముందు కాబట్టి ‘పునః’ అలాగే ఉంది. ‘నిర్మాణం’ ముందైతే పునర్నిర్మాణం, అచ్చు ముందైతే పునరుద్ధరణ. కొందరు ‘పునర్ పరిశీలన’ అని విడదీసి రాస్తారు, అది పునఃపరిశీలన.

రవి
‘ప్రాధాన్యత’ మాటేమిటి? ‘ప్రాధాన్యం’లోనే భావం ఉంది, మళ్లీ ‘త’ ఎందుకు?

సుబ్బారావు
నాకూ ‘ప్రాధాన్యం’ అనడమే ఇష్టం. కానీ ‘ప్రాధాన్యత’ రాసినవాణ్ని ఆపి అడిగే ఓపిక లేదు.

రవి
మనందరి ఓపిక అయిపోవడం వల్లే భాష ఇలా ఉంది.

విజయ
ఆ గొడవ మీరు తేల్చుకోండి. నేను ‘ముఖ్యమైన’ అని తప్పించుకున్నాను. సమావేశము, జరుగును తీసేసి వాడుకభాషలోకి మార్చాను, మందిరంలో అని రాసి పక్కనే జరుగును అనడం నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. ఇంతకీ కుటుంబానికి ఒక్కరు వస్తే చాలట, కార్యదర్శిగారు ఇప్పుడే చెప్పారు. కాబట్టి:

“సభ్యులకు విజ్ఞప్తి:
మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశం 14వ తేదీ ఆదివారం సాయంత్రం 5 గంటలకు, పునఃప్రారంభించిన సమావేశ మందిరంలో జరుగుతుంది. కాబట్టి సభ్యులైనా, వారి కుటుంబంలో ఒకరైనా తప్పక హాజరు కావాలని మనవి. కొన్ని ముఖ్యమైన అంశాలు చర్చిస్తాం. రాలేనివారు ఎందుకు రాలేకపోతున్నారో ముందుగా తెలియజేయండి.
ఇట్లు, కార్యదర్శి.”

సుబ్బారావు
‘సభ్యులైనా’! ‘సభ్యులు’, ‘అయినా’ కలిపేసి ‘కాని’నే లేకుండా చేశారు. నేను గాని, కాని అని ఊదరగొట్టాను, మీరు ఒక్క ఉత్వసంధితో కొట్టేశారు.

రవి
‘గాని’ బాగుండేది. ‘సభ్యులైనా’ అంటే ‘సభ్యులైనప్పటికీ’ అని కూడా వస్తుంది.

కిరణ్
నాకు ఈసారి ఒక్కసారికే అర్థమైంది.