అప్‌డేట్: అమలాపురం సెకండ్ హ్యాండ్ ఫోన్, రెండో ఐఎంఇఐలో మోసం దొరికింది

నా ప్రశ్న: "అమలాపురంలో రెండు సిమ్‌ల పాత ఫోన్ బేరం కుదిరింది. డబ్బు ఇచ్చేముందు ఐఎంఇఐ ఎలా చూసుకోవాలి?"

మీరు చెప్పినట్టే ముందు డయలర్‌లో `*#06#` కొట్టి చూశాం, సిమ్‌కి ఒకటి చొప్పున రెండు ఐఎంఇఐలు, అంటే ఫోన్ గుర్తింపు నంబర్లు, వచ్చాయి. రెండూ పెట్టె మీద ఉన్నవాటితో సరిపోయాయి. అక్కడితో ఆగితే మోసపోయేవాళ్ళమే, స్టిక్కర్ ఎవడైనా ప్రింట్ చేస్తాడు కదండీ. తర్వాత ఒక్కో నంబరుకీ విడిగా టెలికాం శాఖ నంబరు 14422కి మెసేజ్ పెట్టాం:

```
KYM 15-అంకెల-నంబరు
```

మొదటిదానికి సరైన కంపెనీ, మోడల్ వచ్చాయి. రెండోదానికి వేరే కంపెనీ కీప్యాడ్ ఫోన్ పేరొచ్చింది! మొదటి 8 అంకెలు మోడల్‌ని చెబుతాయి కాబట్టి, ఇది తిరగరాసిన నంబరే. మదర్‌బోర్డు మార్చారని అమ్మేవాడు అన్నాడు. బోర్డు మారిస్తే పెట్టె మీది నంబరుతో తేడా రావాలి గానీ, కంపెనీ మారిపోదు. బేరం వదిలేశాం.

ఒక్క చిక్కుంది. అదే మోడల్‌లో ఇంకో ఫోన్ ఐఎంఇఐ ఎక్కిస్తే పేరు సరిగ్గానే వస్తుంది. అప్పుడు జవాబులో స్టేటస్ చదవాలి: బ్లాక్‌లిస్ట్, డూప్లికేట్, ఆల్రెడీ ఇన్ యూజ్ అని ఉంటే కొనకూడదు. పోయిన ఫోన్ మీద ఇంకా ఫిర్యాదు పడకపోతే అదీ శుభ్రంగానే కనిపిస్తుంది, అందుకే అసలు బిల్లు తప్పనిసరి.