‘లేబర్ టర్నోవర్’ని తెలుగులో ఏమనాలి?

అడిగినవారు (ఒంగోలు, కామర్స్ లెక్చరర్): తెలుగు మీడియం పిల్లలకు నోట్సు రాస్తున్నా. ‘శ్రామిక భ్రమణం’ అని రాస్తే, ఒకమ్మాయి “షిఫ్టులు మారడమా సార్?” అంది. పనివాళ్ళు మానేయడం, వాళ్ళ చోట కొత్తవాళ్ళు రావడం అనే అర్థం ఒక్క మాటలో ఎలా వస్తుంది?

కావలి నుంచి ఒకరు: ఇందులో ఏముందండీ, టర్నోవర్ అంటే ఏడాది అమ్మకం. మా షాపు టర్నోవర్ పెరిగిందని జీఎస్టీ కట్టమంటున్నారు. దానికి లేబరుతో పనేంటి?

రిటైరైన కాస్ట్ అకౌంటెంట్ (నెల్లూరు): అది వేరే టర్నోవర్ బాబూ. తిప్పలంతా ఆ మాట ముందే అమ్మకానికి స్థిరపడిపోవడం వల్లే. మాస్టారూ, ముందు ఏ లెక్కకు పేరు కావాలో తేల్చుకోండి. ఒక ఫ్యాక్టరీలో ఏడాది మొదట్లో 190 మంది, చివర 210 మంది, అంటే సగటు 200. మానేసినవాళ్ళు 40. చేరినవాళ్ళు 60, వాళ్ళలో 36 మంది ఖాళీల్లోకి వచ్చారు, మిగతా 24 మంది కొత్త మిషన్ల కోసం. పోయినవాళ్ళనే లెక్కేస్తే 20 శాతం. ఖాళీల్లోకి వచ్చినవాళ్ళనే లెక్కేస్తే 18. పోయినవాళ్ళు, వచ్చినవాళ్ళు అందరినీ కలిపితే 50. మొదటిది ‘మానివేత రేటు’, రెండోది ‘భర్తీ రేటు’, మూడోది ‘రాకపోకల రేటు’ అంటే సరి. మూడింటికీ ఒకే పేరు పెడితే ఎవరికి నచ్చిన అంకె వాళ్ళు చూపిస్తారు.

లెక్చరర్: ‘రాకపోకలు’ అంటే బస్సులు గుర్తుకొస్తాయండీ.

కందుకూరు నుంచి ఒకావిడ: మా పొగాకు గ్రేడింగులో ఈ లెక్క వేస్తే నవ్వొస్తుంది. జనవరి మొదట్లో 30 మంది, డిసెంబరు ఆఖర్న 30 మంది. మధ్యలో సీజనుకు 170 మంది వచ్చి పోతారు. సగటు 30 కాబట్టి మానివేత దాదాపు 567 శాతం! మావాళ్ళెవరూ అలిగి పోలేదు, పని అయిపోయింది, అంతే.

అకౌంటెంట్: బాగా పట్టుకున్నారమ్మా. మొదలూ చివరా మాత్రమే తీసుకుంటే సీజను కనపడదు. పన్నెండు నెలల సంఖ్యలూ కూడి పన్నెండుతో భాగించాలి. సీజను కూలీలను విడిగా చూపాలి.

చీమకుర్తి నుంచి (గ్రానైట్ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్): పేరు ఏదైనా పెట్టుకోండన్నా, మా దగ్గర మాట ‘మనుషులు నిలబడటంలా’. పాలిష్ మిషను ఆపరేటర్ పోతే ఖర్చెంత అని ఓనర్ అడిగితే, కొత్తవాణ్ణి తెచ్చినందుకు మేస్త్రీకి ఇచ్చిన 3 వేలు అన్నా. తప్పా?

అకౌంటెంట్: అది బయటికి కనపడే ముక్క. మిషను రోజుకు 400 చదరపుటడుగులు తీస్తుందనుకో. ధరలోంచి రాయి, పాలిష్ సామాను, కరెంటు ఖర్చులు పోగా అడుగుకు 25 మిగులుతుందనుకో. మనిషి దొరక్క ఆరు రోజులు ఆగితే 60 వేలు. ఆ రోజుల్లో కూలి ఇవ్వలేదు కాబట్టి, రోజుకు 800 చొప్పున 4,800 తీసేయి. కొత్తవాడు ఇరవై రోజులు ముప్పావు వేగంతో నడిపితే రోజుకు వంద అడుగులు తగ్గాయి, అది ఇంకో 50 వేలు. పూర్తి కూలి ఇస్తున్నావు కాబట్టి ఇక్కడ తీసేది లేదు. మేస్త్రీ 3 వేలు కలిపితే 1,08,200. నేర్పించిన పాతవాడి పని తగ్గితే అదీ కలపాలి, పాడైన పలకలూ కలపాలి. అంకెలు నీవి పెట్టుకో, పద్ధతి ఇదే.

లెక్చరర్: పోయిన అడుగుల అమ్మకం ధర మొత్తం కలపకూడదా?

అకౌంటెంట్: కూడదు. ఆ రాయి ఇంకా యార్డులోనే ఉంది కదా. పోయింది మిగులే. అదీ ఆ సరుక్కి కొనేవాడుంటేనే. ఆర్డర్లు లేక మిషను ఎలాగూ ఖాళీగా ఉండేదైతే ఆ 60 వేలు నష్టమే కాదు. ఓవర్‌టైంలో పూడ్చుకుంటే ఆ ఓవర్‌టైం అదనమే ఖర్చు.

కావలి నుంచి: ఓహో, అయితే మా కొట్లో కుర్రాడు మూడు నెలలకొకడు మారడం కూడా ఇదేనా? అమ్మకమూ తగ్గింది సుమా.

లెక్చరర్: ఇదే. నోట్సులో ‘మానివేత’, ‘భర్తీ’ వాడతాను. మూడోదానికి ఇంకా మంచి మాట కావాలి.

చీమకుర్తి నుంచి: నాదొక సందేహం. బీహార్ ఆపరేటర్ ఛఠ్ పండక్కి ఊరెళ్ళాడు. వాడు పోయినట్టా, సెలవులో ఉన్నట్టా?

అకౌంటెంట్: మస్టర్ రోలులో పేరుంచి, చోటు అట్టే పెడితే సెలవు. పేరు కొట్టేస్తే మానివేత. మళ్ళీ వస్తే కొత్తగా చేరినట్టు లెక్క, అలా అంకె ఉబ్బుతుంది. కొందరు అలాంటివాళ్ళను విడిగా రాస్తారు. నాకూ అదే నయమనిపిస్తుంది.

చీమకుర్తి నుంచి: పేరు కొట్టెయ్యలా, ఇంకొకణ్ణీ పెట్టలా. వాడూ ఇంకా రాలా. రేటు చూస్తే సున్నా, మిషను చూస్తే తొమ్మిది రోజులుగా ఆగే ఉంది.