ఉద్యోగ ప్రకటనలో ఉన్నది ఉన్నట్టు రాస్తే మనుషులు వస్తారా, పారిపోతారా?

కోటగుమ్మం:
విజయనగరంలో మెడికల్ షాపులకు, రైస్ మిల్లులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చి సపోర్ట్ చేసే చిన్న ఆఫీసు మాది. 12 మందిమి ఉంటాం. సపోర్ట్ సీట్లో 14 నెలల్లో ఇద్దరు చేరారు, ఇద్దరూ వెళ్లిపోయారు. ఈసారి నిజం రాసేద్దామని నేనంటున్నాను. అలా రాస్తే ఒక్కడూ రాడని మా పార్టనర్ అంటున్నాడు. నేను రాసింది ఇదీ, మీరే చెప్పండి:

"సపోర్ట్ ఎగ్జిక్యూటివ్, ఒక పోస్టు. జీతం 16,000. రోజుకు 30 వరకు ఫోన్లు వస్తాయి. జీఎస్టీ రిటర్నుల ముందు, అంటే 9 నుంచి 11, 18 నుంచి 20 తేదీల్లో 60 దాటుతాయి. వారానికి రెండు రోజులు బైక్ మీద చీపురుపల్లి, బొబ్బిలి, గజపతినగరం వైపు షాపులకు వెళ్లాలి. పెట్రోలు ఖర్చు మాది. ఆదివారం సెలవు. మాది ఒక కుటుంబంలాంటి టీం. ఓనర్‌కి కోపం ఎక్కువ గానీ మనసులో ఏమీ ఉండదు. ఈ సీటు నుంచి ఇద్దరు వెళ్లిపోయారు. ఒత్తిడి తట్టుకోగలిగినవాళ్లే అప్లై చేయండి. మగవాళ్లకు ప్రాధాన్యం."

విశాఖ ప్యాసింజర్:
మీ పార్టనర్ చెప్పిందే కరెక్ట్. పొద్దున్న రైలెక్కితే వైజాగ్‌లో ఇదే పనికి ఇంకో రెండు మూడు వేలు ఎక్కువ ఇచ్చేవాళ్లున్నారు. నేను రోజూ వెళ్లొస్తున్నాను కాబట్టి చెబుతున్నా. మీరు వాళ్ల కంటే తక్కువిస్తూ, పైగా ఓనర్‌కి కోపమని, ఇద్దరు పారిపోయారని కూడా రాస్తే ఎవడొస్తాడండీ? పెళ్లిచూపుల్లో అబ్బాయి గురక గురించి ఎవరైనా చెబుతారా? ఇంకోటి, ఇందులో పీఎఫ్ మాటే లేదు. పీఎఫ్ ఇవ్వకుండా ఉద్యోగం ఇవ్వడం చట్టవిరుద్ధం. ముందు అది సరిచేసుకోండి.

బీకాం బాలుడు:
సార్, నాకు టాలీ వచ్చు. రాజాం నుంచి రోజూ బస్సులో రావచ్చా? బైక్ లేదు. ఇంటర్వ్యూ ఎప్పుడు?

మూడు లాంతర్ల దగ్గర:
బాలుడూ, ఇది ఇంకా ప్రకటన కాదు నాయనా, ప్రకటన ఎలా రాయాలనే గొడవ. అయినా చూడండి, ఓనర్ కోపం గురించి చదివి కూడా ఒకడు వచ్చాడు. 😄

రెస్యూమేల గుట్ట:
నేను చిన్న కంపెనీలకు మనుషుల్ని చూసిపెట్టే పనిలో ఉన్నాను. ముందు పీఎఫ్ సంగతి. 20 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థకే పీఎఫ్ తప్పనిసరి. 12 మంది ఉన్న ఆఫీసు కావాలంటే తనంతట తాను చేరొచ్చు, చేరకపోతే తప్పు కాదు. ఈఎస్ఐ అలా కాదు. పది మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ఆఫీసుకు, 21,000 లోపు జీతానికి అది వర్తిస్తుంది. కాబట్టి ప్రకటనలో "పీఎఫ్ లేదు, ఈఎస్ఐ ఉంది" అని ఒక్క ముక్క రాయండి. చాలామంది పీఎఫ్ లేదన్న మాట దాచిపెట్టి మొదటి జీతం రోజున చెబుతారు. నమ్మకం ఆ రోజే పోతుంది.

జీతం 16,000 అన్నారు. చేతికొచ్చేది ఎంత? ఈఎస్ఐ కింద ఉద్యోగి వాటా ముప్పావు శాతం, అంటే 120. మన రాష్ట్రంలో 15,000 దాటి 20,000 లోపు జీతానికి వృత్తిపన్ను 150. అవి పోగా 15,730. ఈ అంకె రాయండి. కుర్రాడు ఇంట్లో అద్దె లెక్క, బండి వాయిదా లెక్క దాంతోనే వేసుకుంటాడు.

మీ ప్రకటనలో నాకు బాగా నచ్చింది ఆ తేదీల వాక్యం. 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బి రిటర్నులకు గడువు కాబట్టి దానికి ముందు ఫోన్లు మోగుతాయి. అది చదివినవాడికి నెల ఎలా గడుస్తుందో కళ్లకు కడుతుంది. నచ్చనిది "కుటుంబంలాంటి టీం". దానర్థం ఎవరికీ తెలీదు. ఆదివారం ఫోన్ చేసినా ఏమనుకోకూడదని చాలామంది ఇప్పటికే అలా అర్థం చేసుకుంటున్నారు. దాన్ని తీసేసి, పోయిన ఏడాది మీరంతా కలిసి చేసిన ఒక పని రాయండి. 2025 సెప్టెంబరు 22న మందుల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి మారింది కదా, ఆ రోజు మీ ఆఫీసు ఎలా నడిచింది? ఎవరు ఎంతసేపు ఉన్నారు, మర్నాడు సెలవిచ్చారా లేదా? టీం గురించి అదే చెబుతుంది.

ఓనర్ కోపం సంగతి వేరు. 60 ఫోన్లు రావడం పని స్వభావం, దాన్ని ముందే చెప్పడం నిజాయితీ. ఓనర్ అరవడం పని స్వభావం కాదు. దాన్ని ప్రకటనలో రాస్తే "ముందే చెప్పాం కదా" అని అరవడానికి లైసెన్సు తీసుకున్నట్టు. ఆయన మారతారా లేదా అన్నది ముందు లోపల తేల్చుకోండి.

ఇక "మగవాళ్లకు ప్రాధాన్యం" తీసేయండి. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడా మగా తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టంలోనే ఉంది, ఇప్పటి వేతనాల కోడ్‌లోనూ ఉంది. మీకు కావాల్సింది బండి నడిపేవాళ్లు. ఆ మాటే రాయండి.

విశాఖ ప్యాసింజర్:
పీఎఫ్ విషయంలో నాది తప్పే, ఒప్పుకుంటా. మేం 40 మందిమి, మా ఆఫీసు లెక్కే అందరికీ అనుకున్నా. కానీ అసలు ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేదు మేడం. ఇన్ని లోపాలు రాస్తే అప్లై చేసేవాళ్లు తగ్గుతారా, తగ్గరా?

రెస్యూమేల గుట్ట:
1973లో జాన్ వానస్ అనే అమెరికన్ పరిశోధకుడు టెలిఫోన్ ఆపరేటర్ల ఉద్యోగానికి వచ్చినవాళ్ల మీద దీన్నే పరీక్షించాడు. కొందరికి మంచి మాత్రమే ఉన్న సినిమా చూపించారు. కొందరికి పని విసుగు, పైవాళ్ల నిఘా కూడా ఉన్న సినిమా చూపించారు. రెండోది చూసినవాళ్లలో ఉద్యోగం వద్దన్నవాళ్లు పెద్దగా పెరగలేదు. చేరాక మానేయాలన్న ఆలోచన మాత్రం తక్కువగా కనిపించింది. తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే లాభం చిన్నదే. అంచేత నిజం రాస్తే మనుషులు ఆగిపోతారని నేను గ్యారంటీ ఇవ్వను. ఫోన్ పని కాబట్టి మీకు దగ్గరి ఉదాహరణ అని చెప్పాను.

గజపతినగరం మిల్లు:
నేనీ తరహా సాఫ్ట్‌వేర్ వాడే కస్టమర్ని. ఏటండీ, అందరూ ఓనర్ కోపం ఓనర్ కోపం అంటన్నారు, అసలు తిట్టేది మాలాంటోళ్లం కదా. ధాన్యం సీజన్లో లారీ గేటు కాడ నిలబడుంటాది, బిల్లు రాదు. ఫోను చేస్తే అవతల కుర్రాడు "సర్, రీస్టార్ట్ చేయండి" అంటాడు. అప్పుడు నోరు ఊరుకోదు. సాయంత్రం బాధపడతాననుకోండి. ఆ సంగతి రాయండి ముందు, కస్టమర్లు తిడతారని. తిడితే పైన ఎవరు మాట్లాడతారో అదీ రాయండి. ఆ కుర్రాడికి వెనకాల మనిషున్నాడని తెలిస్తే సగం భయం పోద్ది.

పైడితల్లి పండగ:
నాదొక గోడు. నేను చేరిన ఒక ఆఫీసు ప్రకటనలో అన్నీ బాగానే ఉన్నాయి. చేరిన రోజు డిగ్రీ ఒరిజినల్ ఇక్కడ పెట్టమన్నారు, "అందరూ ఇస్తారు" అన్నారు. ఇచ్చాను. ఏడు నెలలకు మానేద్దామంటే సర్టిఫికెట్ కోసం పదకొండు వారాలు తిరిగాను. ఈలోగా ఇంకో ఉద్యోగం వచ్చి పోయింది. అంచేత నేనైతే ఓనర్ కోపం గురించి పట్టించుకోను. ఒరిజినల్స్ అడుగుతారా, బాండ్ రాయించుకుంటారా, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇవి చెబితే చాలు.

కోటగుమ్మం:
అందరికీ థాంక్స్. ఒరిజినల్స్ మేం అడగం, బాండ్ లేదు. అది రాయాలన్న ఆలోచనే రాలేదు, మాకు మామూలు విషయం కాబట్టి.

మిల్లు గారి మాట చదివాక, వెళ్లిపోయిన ఇద్దరికీ ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తలేదు. రెండో అతను మొహమాటపడుతూ చెప్పాడు. జీతం కాదట, ఓనర్ కోపం కూడా కాదట. షాపులకు వెళ్లినప్పుడు తన సొంత నంబరు ఇచ్చేవాడు. మెడికల్ షాపులు రాత్రి పదిన్నరకు లెక్క కట్టేటప్పుడు ఆ నంబరుకే చేసేవారు. ఆదివారం సెలవని మేం రాసుకున్నాం గానీ అతనికి ఆదివారం అనేదే లేదు. మాకు తెలీదు. ఇది తెలియకుండా నేను "ఉన్నది ఉన్నట్టు" రాశాననుకున్నాను!

ఆఫీసు సిమ్ ఒకటి కొన్నాం. రాత్రి 8 నుంచి 10:30 వరకు నలుగురం వంతులవారీగా చూస్తాం, ఓనర్ కూడా ఒక వంతు తీసుకున్నాడు. ఇప్పుడు రాసింది ఇదీ:

"సపోర్ట్ ఎగ్జిక్యూటివ్, ఒక పోస్టు, విజయనగరం. జీతం 16,000, చేతికి 15,730. ఈఎస్ఐ ఉంది, పీఎఫ్ లేదు. రోజుకు 30 ఫోన్లు, 9–11, 18–20 తేదీల్లో 60 పైన. కస్టమర్లు ఒక్కోసారి గట్టిగా మాట్లాడతారు. అలాంటి ఫోన్ పక్కన ఉన్న సీనియర్‌కి ఇచ్చేయొచ్చు, సంజాయిషీ అడగం. వారంలో రెండు రోజులు బయట తిరగాలి. బండి నడపడం రావాలి, బండి లేకపోతే ఆఫీసుది ఉంది. నాలుగు రాత్రులకొకసారి ఆఫీసు ఫోన్ మీ దగ్గర ఉంటుంది. 2025లో మందుల పన్ను మారినప్పుడు రెండు రాత్రులు ఆఫీసులో ఉన్నాం. మర్నాడు సగం మందికే సెలవు దొరికింది. ఈ సీటు నుంచి 14 నెలల్లో ఇద్దరు వెళ్లారు. రాత్రి ఫోన్లు ఒక కారణం, అందుకే ఈ వంతులు పెట్టాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకోం, బాండ్ లేదు. మానేసేముందు 30 రోజులు చెప్పాలి."

కోపం వాక్యం తీసేశాను. ఆయనే తీయమన్నాడు, కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

రెస్యూమేల గుట్ట:
"ఇద్దరు వెళ్లారు" ప్రకటనలోనే ఉండాలంటారా? నేనైతే ఇంటర్వ్యూలో చెబుతాను. కాగితం మీద ఆ ముక్క ఒంటరిగా కనిపిస్తుంది, ఎదురుగా కూర్చున్నప్పుడు దాని వెనక కథ చెప్పొచ్చు.

పైడితల్లి పండగ:
వద్దు మేడం, ఉండనీండి. ఇంటర్వ్యూ దాకా వచ్చాక, సెలవు పెట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకున్నాక విన్నది వేరుగా ఉంటుంది.

విశాఖ ప్యాసింజర్:
నేనూ ఉండనీయమనే అంటా, నా మొదటి మాటకు ఇది ఎదురే అయినా. కారణం పక్కనే ఉంది కాబట్టి. కానీ ఇంకో ప్రశ్న. జీతం అంకె బయటపెడుతున్నారు. మీ దగ్గర ఇప్పటికే ఉన్న సపోర్ట్‌వాళ్లకు ఎంత ఇస్తున్నారు?

కోటగుమ్మం:
అడగకూడనిది అడిగారు. మూడేళ్ల నుంచి ఉన్న ఒకతనికి 15,500. ఈ ప్రకటన ఆఫీసు గ్రూపులో పడితే రేపు పొద్దున్నే నా టేబుల్ ముందుంటాడు. అతనికి పెంచాలంటే అందరికీ పెంచాలి, నెలకు లెక్క వేసి చూశాను, ఇప్పుడైతే మా వల్ల కాదు. అంకె తీసేద్దామా అని పార్టనర్ మళ్లీ మొదలెట్టాడు.

గజపతినగరం మిల్లు:
అతనికి తెలీదనుకుంటన్నారా ఏటి? ముందు అతన్ని పిలిచి మాట్లాడండి. ప్రకటన సోమవారం వేసుకోవచ్చు.

బీకాం బాలుడు:
సార్, ఆఫీసు బండి ఉందన్నారు కదా. రాజాంకి సాయంత్రం ఆఖరి బస్సు దొరికేలా వదిలేస్తారా? 30 రోజుల నోటీసు ఓకే.