వాలు మీద బ్లాక్‌కి ఫ్రీ బాడీ డయాగ్రమ్: అయిదు బాణాలు గీశా, సార్ రెండు కొట్టేశారు, ఎందుకో చెప్పరా

మధురవాడ ఇంటర్ ఫస్టియర్

అందరికీ నమస్తే. నిన్న మా క్లాస్ టెస్ట్‌లో ఈ లెక్క వచ్చింది. 10 కేజీల బ్లాక్ 30 డిగ్రీల వాలు మీద కదలకుండా ఉంది, స్టాటిక్ ఫ్రిక్షన్ కోఎఫిషెంట్ 0.7, g విలువ 9.8 తీసుకోమన్నారు. ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీసి ఫ్రిక్షన్ ఎంతో చెప్పాలి. నేను mg కిందకి గీశా, mg sinθ వాలు వెంబడి కిందకి, mg cosθ వాలులోకి, N పైకి, f వాలు వెంబడి పైకి, మొత్తం అయిదు. సార్ mg sinθ, mg cosθ రెండూ కొట్టేసి పక్కన "ఇవి ఎవరిచ్చారు?" అని రాశారు, దాని అర్థం ఏంటో తెలీలేదు. ఫ్రిక్షన్ 59.4 న్యూటన్లు వచ్చింది, అదీ తప్పే అన్నారు. μN కే కదా వేశాను, N ఏమో 84.9, దాన్ని 0.7 తో గుణిస్తే అంతే వస్తోంది మరి.

పెందుర్తి బీటెక్

చెల్లీ సింపుల్. mg గీస్తే ఆ రెండు ముక్కలూ గీయకూడదు, ముక్కలు గీస్తే mg గీయకూడదు, రెండూ ఒకే బొమ్మలో ఉండకూడదు అంతే. ఇంకో రెండు గుర్తుపెట్టుకో, N ఎప్పుడూ mg cosθ, ఫ్రిక్షన్ ఎప్పుడూ వాలు వెంబడి పైకి, ఇవి వస్తే ఈ చాప్టర్‌లో సగం లెక్కలు అయిపోతాయి. 59.4 ఎందుకు తప్పన్నారో నాకూ అర్థం కాలేదు, ఒకసారి సార్‌ని మళ్లీ అడుగు.

సీతమ్మధార, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్

అమ్మా, మీ సార్ రాసిన ఆ ప్రశ్నలోనే మొత్తం పద్ధతి ఉంది. ప్రతి బాణం దగ్గరా ఆగి "ఇది ఎవరిచ్చారు" అని అడగాలి, ఒక వస్తువు పేరు చెప్పగలిగితేనే ఆ బాణం ఉంచాలి. నీ బ్లాక్‌ని తాకుతున్నది ఏమిటి? వాలు ఒక్కటే. తాకకుండా లాగుతున్నది ఎవరు? భూమి. అంతే, ఇద్దరే ఉన్నారు. భూమి ఇచ్చింది mg. వాలు రెండు పనులు చేస్తోంది, బ్లాక్ తనలోకి దిగిపోకుండా తన ముఖానికి లంబంగా తోస్తోంది, అది N. జారిపోకుండా ముఖం వెంబడి పట్టుకుంటోంది, అది f. మూడే బాణాలు.

ఇప్పుడు mg sinθ ఎవరిచ్చారు అని అడుగు. భూమే అంటావు. కానీ భూమి లాగింది ముందే mg పేరుతో రాసేశావు కదా, ఒకే లాగుడుని రెండుసార్లు లెక్కేసినట్టే. నీ అయిదు బాణాలనీ నిజంగా కూడి చూడు, వాలు వెంబడి కిందకి mg వల్ల 49, మళ్లీ mg sinθ అని ఇంకో 49, మొత్తం 98 న్యూటన్లు వస్తుంది, ఆ బ్లాక్ అక్కడ నిలబడదు. ముక్కలు కావాలంటే పక్కన వేరే బొమ్మ గీసుకో, లేదా చుక్కల గీతతో గీసి అసలు mg మీద అడ్డగీత పెట్టు. పెందుర్తి బాబు చెప్పిన మొదటి మాట కరెక్టే. మిగతా రెండు "ఎప్పుడూ"లు మాత్రం కరెక్ట్ కాదు, వాటి దగ్గరకి వస్తాను.

ముందు 59.4 సంగతి. 0.7 × 84.9 అనేది ఆ వాలు పట్టుకోగలిగిన గరిష్ఠం, ఇప్పుడు పట్టుకుంటున్నది కాదు. కదలని బ్లాక్‌కి ఫ్రిక్షన్ ఎంత అవసరమో అంతే వస్తుంది. బ్లాక్ జారాలని చూస్తున్నది 49 తో, కాబట్టి f కూడా 49. ఒకవేళ నిజంగా 59.4 పనిచేస్తోంది అనుకో, పైకి 10.4 న్యూటన్లు మిగులుతుంది, 10 కేజీలకి అంటే సెకనుకి సెకనుకి 1.04 మీటర్ల త్వరణం, ఎవరూ ముట్టుకోకుండానే బ్లాక్ వాలు ఎక్కిపోవాలి! నీ జవాబు అదే చెబుతోంది. కాబట్టి 0.7 తో చేయాల్సింది ఒక్కటే, 49 అనేది 59.4 లోపే ఉందా అని చూడటం. ఉంది, కనుక నిలబడింది. దాటి ఉంటే జారేది, అప్పుడు ఫ్రిక్షన్‌కి కైనెటిక్ కోఎఫిషెంట్ కావాలి.

మధురవాడ ఇంటర్ ఫస్టియర్

సార్ ఇప్పుడు అర్థమైంది, చాలా థాంక్స్. కానీ నాకు sin ఎటు వస్తుంది cos ఎటు వస్తుంది అన్నది ప్రతిసారీ తారుమారు అవుతోంది, టెస్ట్‌లో కూడా ముందు తిరగేసి రాసి మళ్లీ కొట్టేశా. θ వాలు అడుగున ఉంది కదా, అది బ్లాక్ దగ్గరకి ఎలా వచ్చింది?

సీతమ్మధార, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్

బరువు నేలకి లంబం, N వాలుకి లంబం. నేలకీ వాలుకీ మధ్య 30 డిగ్రీలు ఉంటే వాటి లంబాల మధ్య కూడా 30 డిగ్రీలే ఉంటుంది, వేరే దారి లేదు. అందుకే N బాణాన్ని వెనక్కి, వాలులోకి పొడిగించి చూడు, ఆ గీతకీ mg కీ మధ్య ఉన్నదే θ. పక్కనున్నది cos, ఎదురుగా ఉన్నది sin.

అప్పటికీ అనుమానం ఉంటే వాలుని మనసులో పడుకోబెట్టు. బీచ్ రోడ్డులా చదునుగా అయిపోతే θ సున్నా, జారే బలం సున్నా అవ్వాలి, sin సున్నా అవుతుంది, సరిపోయింది. గోడలా నిలబెట్టేస్తే 90, అప్పుడు బ్లాక్ గోడని నొక్కదు, N సున్నా, cos సున్నా. రెండు సెకన్ల పని, పరీక్షలో కూడా చేసుకోవచ్చు.

గీసేటప్పుడు పిల్లలు చేసే తప్పు ఇంకోటి, mg ని వాలుకి లంబంగా గీసేస్తారు లేదా N ని నిట్టనిలువుగా గీసేస్తారు. కాగితం ఎలా తిప్పినా mg నేలవైపే. స్కేల్ పెట్టి గీయి, 10 న్యూటన్లకి ఒక సెంటీమీటర్ అనుకుంటే mg 9.8, N 8.5, f 4.9 సెంటీమీటర్లు. ఈ మూడింటినీ ఒకదాని కొసకి ఇంకోటి అతికించి గీస్తే లంబకోణ త్రిభుజం మూసుకోవాలి. మూసుకోలేదా, ఎక్కడో ఒక బాణం తప్పుంది.

గాజువాక ట్రాలీ

అన్నలూ నాకు ఈ బాణాలవీ తెలీవు గానీ వాలు అంటే మాకు రోజూ పనే, ఇళ్లు మార్చేటప్పుడు ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషిన్లూ పలక మీద నుంచే ఎక్కిస్తాం. 8 అడుగుల పలక, బండి ఎత్తు 32 అంగుళాలు. 60 కేజీల మెషిన్ ఎక్కించేటప్పుడు మధ్యలో ఊపిరి తీసుకోడానికి చెయ్యి వదిలితే అక్కడే ఆగిపోద్ది, అదే మొన్న వానలో వదిలితే సర్రున కిందకి వచ్చేసింది, నా కాలు తప్పించుకున్నా. పలక పొడుగు చాలలేదా? ఇంకా పొడుగుది కొనాలా?

సీతమ్మధార, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్

తమ్ముడూ, ఆ పాప అడిగింది వేరే అయినా నీ పలక అసలైన ఉదాహరణ. 8 అడుగులు అంటే 96 అంగుళాలు, అందులో 32 అంటే మూడో వంతు, sinθ సరిగ్గా 1/3, వాలు 19 డిగ్రీల చిల్లర. మెషిన్ బరువు 588 న్యూటన్లు, వాలు వెంబడి కిందకి లాగేది 196, పలక మీద నొక్కేది 554. పొడి చెక్క మీద కోఎఫిషెంట్ 0.4 అనుకుందాం, పలక 222 దాకా పట్టుకోగలదు, 196 కన్నా ఎక్కువ, అందుకే వదిలినా ఆగింది. తడిసి 0.2 కి పడిపోయిందనుకో, 111 మాత్రమే, 196 ని ఆపలేదు. పొడుగు పలకతో వాలు తగ్గుతుంది, నిజమే, కానీ 0.2 దగ్గర ఆగాలంటే tanθ కూడా 0.2 లోపు ఉండాలి, ఆ ఎత్తుకి 14 అడుగుల పలక కావాలి. ముందు పలక తుడిచి, మీద గోనె పరిచి చూడు. ఏం చేసినా కింద వైపు మనిషి నిలబడకూడదు.

పెందుర్తి బాబూ, ఇప్పుడు చూడు. మెషిన్‌ని పైకి తోస్తున్నప్పుడు అది పైకి కదులుతోంది, కాబట్టి ఫ్రిక్షన్ వాలు వెంబడి కిందకి! తోసేవాడు 196 తో పాటు ఆ 222 ని కూడా మోయాలి (నిశ్చలానికీ కదలికకీ కోఎఫిషెంట్ ఒకటే అనుకుని చెబుతున్నా), మొత్తం 418, దాదాపు 43 కేజీలు ఎత్తినంత. వదిలేసిన క్షణం ఫ్రిక్షన్ పైకి తిరిగి 196 అవుతుంది. అదే మెషిన్, అదే పలక, బాణం దిక్కు మారిపోయింది.

పెందుర్తి బీటెక్

అవును సార్, ఫ్రిక్షన్ దిక్కు విషయంలో నేను తప్పు చెప్పా, సారీ చెల్లీ. కానీ N మాత్రం mg cosθ నే ఉంది కదా ఇక్కడ కూడా, 554 అన్నారుగా.

సీతమ్మధార, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్

తోపు సరిగ్గా పలక వెంబడే ఉంది కాబట్టి ఉంది. ట్రాలీ తమ్ముడు బండి మీద నిలబడి తాడుతో లాగాడనుకో, తాడు పలకకి 30 డిగ్రీలు పైకి ఉంటుంది, లాగుడులో సగం మెషిన్‌ని పలక మీద నుంచి కొంచెం ఎత్తుతుంది. లంబ దిశలో లెక్క వేస్తే N = mg cosθ − T sin30. దాన్ని పెట్టి సాధిస్తే T 392 వస్తుంది, N 358 కి పడిపోతుంది, ఫ్రిక్షన్ 143. 418 బదులు 392 చాలు. N ని బట్టీ పట్టకుండా ప్రతిసారీ బొమ్మ నుంచే రాబట్టాలి.

గాజువాక ట్రాలీ

మేం తాడు మెషిన్ అడుగున కడతాం, పైన కడితే ముందుకి ఒరిగిపోద్ది. ఫ్రిజ్ అయితే అసలు జారడం కంటే పడిపోవడం భయం.

మధురవాడ ఇంటర్ ఫస్టియర్

సార్, ఇదిగో మళ్లీ గీశాను, mg 9.8 సెంటీమీటర్లు, N 8.5, f 4.9, త్రిభుజం మూసుకుంది! ఒక్క డౌట్, N ని మా సార్ బ్లాక్ మధ్య నుంచి గీస్తారు, ట్యూషన్ మేడమ్ బ్లాక్ అడుగు నుంచి గీయాలంటారు, ఏది రైట్?

సీతమ్మధార, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్

బ్లాక్‌ని చుక్కలా అనుకుంటే మధ్య నుంచి గీసినా తప్పు కాదు, జారుడు లెక్కలకి అది చాలు. కానీ ట్రాలీ తమ్ముడు అన్నాడు చూడు, ఫ్రిజ్ ఒరగడం, ఆ లెక్క దగ్గర మధ్య నుంచి గీస్తే పని జరగదు. N నిజంగా పనిచేసేది అడుగునే, అదీ అడుగు మధ్యలో కాదు, వాలు కింద వైపుకి జరిగి ఉంటుంది. వదిలేసి నిలబడ్డ ఫ్రిజ్ మధ్య నుంచి నిలువుగా గీత దించితే అది అడుగుని ఎక్కడ తాకుతుందో అక్కడ. ఆ చోటు అడుగు అంచు దాటితే ఫ్రిజ్ పడుతుంది.

పెందుర్తి బీటెక్

సార్ మా దగ్గర అయితే అడుగు నుంచి గీయకపోతే మార్కులు కోసేస్తారు, చుక్క అన్నా ఒప్పుకోరు.

మధురవాడ ఇంటర్ ఫస్టియర్

మా సార్ మధ్య నుంచే కావాలంటారు 😐 రేపు ఆయన్నే అడిగి వచ్చి చెబుతా.