సోడియం ఆక్సిబేట్ మొదలుపెడుతున్నాను, శుక్రవారం విందులో రెండు బీర్లు తాగవచ్చా?

ఆమదాలవలస తమ్ముడు:

అందరికీ నమస్కారం. నేను న్యూజెర్సీకి వచ్చి ఏడు నెలలైంది. శ్రీకాకుళంలో డిగ్రీ చదివే రోజుల నుంచీ నాకు పగటిపూట నిద్ర ఆగేది కాదు. ఇంట్లో అందరూ బద్ధకమనుకున్నారు. గట్టిగా నవ్వితే మోకాళ్లు వదులైపోయి కూలబడిపోవడాన్ని మాత్రం ఎవరూ వివరించలేకపోయారు. ఇక్కడ ఒక రాత్రి నిద్ర పరీక్ష, మరునాడు పగటి కునుకుల పరీక్ష చేసి నార్కోలెప్సీ అని తేల్చారు. డాక్టరు గారు సోడియం ఆక్సిబేట్ రాత్రికి 4.5 గ్రాములు, రెండు మోతాదులుగా రాశారు. వీధిలోని మందుల షాపులో అది దొరకదట. ప్రత్యేక ఫార్మసీ వారు ఫోన్‌లో చాలాసేపు మాట్లాడి, ఇంటికి పంపించి, సంతకం చేయించుకుని ఇచ్చారు. రేపు రాత్రి మొదలుపెట్టాలి. శుక్రవారం సాయంత్రం 6 గంటలకు ఆఫీసు విందు ఉంది. అక్కడ రెండు బీర్లు తాగి, రాత్రి 10 గంటలకు మందు వేసుకుంటే ఏమైనా ప్రమాదమా? ఇంట్లో మేము భోంచేసేసరికి 9 అవుతుంది. ఉదయం 8 గంటలకు కారు నడుపుకుంటూ ఆఫీసుకు వెళ్తాను.

నరసన్నపేట బావ:

మా రూమ్మేట్ రెండేళ్లు ఈ మందు వాడాడు కాబట్టి కొంత తెలుసు. ఇది ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, గంటలోపే సగం కరిగిపోతుంది, అందుకే రాత్రి రెండుసార్లు వేసుకోమంటారు. 6 గంటలకు తాగిన బీరు 10 గంటలకు ఎక్కడుంటుంది? మరీ అనుమానంగా ఉంటే మొదటి మోతాదు మానేసి, అర్ధరాత్రి దాటాక రెండోది మాత్రం వేసుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి, తిన్న వెంటనే మాత్రం వేసుకోకూడదు.

గజపతినగరం అక్క:

నేను పన్నెండేళ్లుగా ఇక్కడ ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను. బావగారు చెప్పినవాటిలో మందు త్వరగా కరిగిపోతుందన్నదీ, తిన్న వెంటనే వద్దన్నదీ నిజమే. కానీ ఇక్కడ లెక్క చూడవలసింది మందు ఎంతసేపు ఉంటుందని కాదు, మందు వేసుకునే నిమిషానికి ఒంట్లో ఏమేమి ఉన్నాయని. బీరు కరిగే వేగం మనిషి మనిషికీ మారుతుంది. విందులో రెండు అనుకున్నవి మూడు కావడమూ, గ్లాసు పెద్దది కావడమూ మనకు తెలియని సంగతి కాదు. ఇన్ని గంటలు ఆగితే చాలునని ఈ మందు కాగితంలో ఎక్కడా రాసి లేదు, మద్యం తాగకూడదని మాత్రమే ఉంది. నిద్రమాత్రలతో కలపకూడదన్న హెచ్చరిక కూడా అక్కడే ఉంటుంది.

కారణం ఇది. ఈ మందు వేసుకున్నాక చాలామందికి ఐదు నుంచి పదిహేను నిమిషాలలో, ఒక్కోసారి అంతకన్నా ముందే, కునుకు కాదు, గాఢనిద్ర వచ్చేస్తుంది. ఈ మందూ, మద్యమూ రెండూ మెదడును అణచేవే కాబట్టి కలిస్తే ఊపిరి నెమ్మదిస్తుంది. వాంతి వచ్చినా మనిషి లేచి పక్కకు తిరగలేడు. ఈ మందుకు వికారం ఎటూ ఉండనే ఉంది. పైగా ఇందులో మోతాదు రెట్టింపైతే ఒంటికి అందేది రెట్టింపుతో ఆగదు. 4.5 గ్రాముల నుంచి 9 గ్రాములకు వెళ్తే దాదాపు 3.7 రెట్లు అందుతుంది. డాక్టర్లు వారానికి 1.5 గ్రాముల చొప్పున మెల్లగా పెంచేది అందుకే. అలాంటి మందుకు మద్యం తోడైతే అది ఎంత మోతాదుతో సమానమో ఎవరూ లెక్కగట్టి చెప్పలేరు.

కాబట్టి మీరు మద్యాన్ని పూర్తిగా పక్కన పెట్టండి. ఎప్పుడైనా పొరపాటున తాగితే ఆ రాత్రి రెండు మోతాదులూ మానేసి, మర్నాడు డాక్టరు గారికి చెప్పండి. బావగారి సలహాలో మొదటిది మానడం వరకు బాగుంది, తరువాత రెండోది వేసుకోమనడమే తప్పు.

ఇక మీ రాత్రి లెక్క చూద్దాం. రెండో మోతాదు వేసుకున్నాక కనీసం ఆరు గంటలు కారు తాకకూడదు, ఆ తరువాత కూడా మత్తు ఉంటే నడపకూడదు. మీరు 9 గంటలకు తింటే మొదటి మోతాదు 11 దాటాకనే వేసుకోవాలి. రెండోది దాని తరువాత రెండున్నర నుంచి నాలుగు గంటల మధ్య వేసుకోవాలి కాబట్టి అర్ధరాత్రి దాటి 2 అవుతుంది. అప్పుడు ఉదయం 8కి మీకు ఏమీ వెసులుబాటు మిగలదు. అందుకని భోజనాన్ని 7:30కి జరపండి. 9:45కి మొదటి మోతాదు, 12:45కి అలారం, రెండో మోతాదు. అలారం వినబడక 3 గంటలకు మెలకువ వస్తే, గడువు 1:45తో దాటిపోయింది కాబట్టి ఆ రాత్రికి రెండోది లేనట్టే. రెండూ కలిపి ఒకేసారి వేసుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

కొలత దగ్గర కూడా ఒక చిక్కు ఉంది. మీ రాత్రి మొత్తం 4.5 గ్రాములు, అంటే ఒక్కో మోతాదు 2.25 గ్రాములు. ఈ ద్రవంలో ఒక మిల్లీలీటరుకు అర గ్రాము ఉంటుంది కాబట్టి ఒక్కో మోతాదు 4.5 మిల్లీలీటర్లు అవుతుంది. ఒకే 4.5 రెండు చోట్లా కనిపించడం వల్ల, 4.5 గ్రాములూ ఒకేసారి కొలిచే ప్రమాదం ఉంది. సిరంజిలో మొదట ఎంత లాగాలో ఫార్మసీ వారికి ఫోన్ చేసి వారి నోటే చెప్పించుకోండి. పడుకునే ముందే రెండు మోతాదులనూ వారిచ్చిన డబ్బాలలో నీళ్లతో కలిపి మంచం పక్కన పెట్టుకోండి. పిల్లలుంటే వాళ్ల చేతికి అందనివ్వకండి.

బొబ్బిలి మాస్టారు:

అమ్మా, మా అమ్మగారికి రాత్రంతా నిద్ర పట్టదు. ఊళ్లో ఇచ్చిన నిద్రమాత్ర సగం వేసుకున్నా ఫలితం లేదు. ఇంత గాఢంగా నిద్ర పట్టించే మందైతే ఎవరైనా సెలవులకు వచ్చేటప్పుడు ఒక సీసా తేవచ్చా?

గజపతినగరం అక్క:

వద్దు మాస్టారూ. ఇది నిద్ర పట్టనివారికి ఇచ్చేది కాదు. నార్కోలెప్సీలో రాత్రి నిద్ర ముక్కలు ముక్కలవుతుంది, పగలు నిద్ర ముంచుకొస్తుంది. దానికి ఇచ్చేది ఇది. నిద్రమాత్ర వేసుకునే పెద్దావిడకు ఇది ప్రాణాంతకం కావచ్చు. ఒకరి పేరున ఇచ్చిన సీసా ఇంకొకరికి ఇవ్వడం ఇక్కడ నేరం కూడా.

పలాస వదిన:

మా వారు నాలుగేళ్లుగా ఇది వాడుతున్నారు కాబట్టి ఇంట్లో కనబడేది చెప్తాను. మొదటి నెలలో ఒక రాత్రి ఆయన వంటగదిలోనే నిలబడి ఈ మందు వేసుకుని, హాల్లో లైటు ఆర్పడానికి వెళ్లారు. నేను వెళ్లి చూసేసరికి తలుపు దగ్గర నేల మీద పడి నిద్రపోతున్నారు, నుదుటి మీద గాయమైంది. అప్పటి నుంచీ పళ్లు తోముకోవడం, బాత్రూముకు వెళ్లడం, తలుపు గడియ వేయడం అన్నీ అయ్యాక మంచం మీద కూర్చునే మందు తీసుకుంటారు, వెంటనే పడుకుంటారు. ఒకటి రెండుసార్లు పక్క తడిసింది, సిగ్గుపడకుండా డాక్టరు గారికి చెప్పుకున్నాం. ఊపిరి మరీ నెమ్మదిగా ఉన్నా, పెదవులు నీలంగా మారినా, గట్టిగా కుదిపినా లేవకపోయినా 911కి ఫోన్ చేసి, సీసా చూపించమని నాకు చెప్పి ఉంచారు. మీ ఇంట్లో కూడా ఈ మాట చెప్పి ఉంచండి.

ఇంకొకటి ఉంది. మా అత్తగారు విజయనగరం నుంచి వచ్చినప్పుడు దశమూలారిష్టం సీసా తెచ్చి, ఒళ్లు నొప్పులకు రోజూ పోసేవారు. అరిష్టాలు పులియబెట్టి చేస్తారు కాబట్టి వాటిలో సహజంగానే మద్యం ఉంటుందని మాకు తరువాత తెలిసింది. వేసవిలో ఊరెళ్తే తాటికల్లు విషయంలోనూ ఇంతే. మన వాళ్లెవరూ కల్లును మద్యంగా లెక్కపెట్టరు.

నరసన్నపేట బావ:

జలుబుకు రాత్రి వేసుకునే సిరప్పుల సంగతి ఏమిటి? నేను దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

గజపతినగరం అక్క:

వాటిలో కొన్నింటిలో మద్యం ఉంటుంది, మరికొన్నింటిలో మత్తు కలిగించే అలర్జీ మందు ఉంటుంది. రెండూ ఈ మందుతో కుదరవు. డాక్టరు గారినో ఫార్మసీ వారినో అడగకుండా ఏదీ కొనకండి.

ఆమదాలవలస తమ్ముడు:

అందరికీ ధన్యవాదాలు. ఫార్మసీకి ఫోన్ చేశాను. సిరంజిలో 4.5 మిల్లీలీటర్ల గీత వరకే లాగమని రెండుసార్లు చెప్పించారు. రేపటి నుంచి 7:30కే తింటాం. శుక్రవారం నిమ్మకాయ సోడాతో సరిపెట్టుకుంటాను, కానీ ఆ విందులో భోజనం 9 గంటలకు గానీ రాదట. శని, ఆదివారాలలో కారు తీయనవసరం లేదు కాబట్టి ఆ ఒక్క రాత్రికి సమయాలను ఆలస్యంగా జరపవచ్చా, లేక ముందే తినేసి వెళ్లడం మంచిదా అని డాక్టరు గారిని అడగాలి. మాఘమాసంలో మా చెల్లి పెళ్లికి ఊరు వెళ్లేటప్పుడు ఈ సీసాను విమానంలో తీసుకెళ్లవచ్చో లేదో ఇంకా ఎవరూ చెప్పలేదు. తెలిసినవారుంటే ఇక్కడే రాయండి.